ఉప్పు పాఠం, ఫోటోలో పేజీ

మా బడిలో మేమిద్దరమే ఉపాధ్యాయులం. ఇద్దరం యానాదులమే. ట్రైనింగ్ చేసి ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఈ సముద్రపు ఒడ్డు పల్లెల్లోనే తిరుగుతున్నాం. అల్లూరు, ఇస్కపల్లి వైపు ఎండలు ముదిరితే ఉప్పు కొఠార్లలో పని మొదలవుతుంది. అప్పుడు మా కాలనీ పిల్లల్లో కొందరు పెద్దవాళ్ల వెంట మళ్ల దగ్గరికి పోతారు. వారం, పది రోజులు బడికి రారు. వాళ్ల కోసం మేము పాఠాల నోట్సు తయారుచేసి ఫోన్లకు పంపుతుంటాం. ఫోన్ లేని ఇళ్లకు కాగితం మీద అచ్చు తీసి ఇస్తాం. ఆ నోట్సులో ఒకసారి మేము చేసిన తప్పు గురించే ఈ వ్యాసం.

మొదట్లో నోట్సు చేత్తోనే రాసేవాళ్లం. ఒక్కో పాఠానికి రెండు సాయంత్రాలు పట్టేది. తర్వాత పుస్తకం పేజీని ఫోన్‌తో ఫోటో తీసి, గూగుల్ లెన్స్‌తో అక్షరాలు బయటకు లాగడం నేర్చుకున్నాం. బడిలో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో టెసరాక్ట్ అనే ఉచిత ప్రోగ్రాం కూడా పెట్టుకున్నాం. పుస్తకం పీడీఎఫ్ దొరుకుతుంది కదా, అందులోంచి కాపీ చేసుకోవచ్చు కదా అని కొందరు అడిగారు. చేసి చూస్తే తెలుస్తుంది. తెలుగు పుస్తకాలు చాలా వరకు అను ఫాంట్లలాంటి పాత ఫాంట్లతో కూర్చినవి. వాటిలో తెరమీద కనిపించేది తెలుగే, లోపల దాచి ఉంచేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలు. కాపీ చేసి వేరేచోట అతికిస్తే అర్థం లేని ఇంగ్లీషు ముక్కలు వస్తాయి. అందుకే పీడీఎఫ్ చేతిలో ఉన్నా బొమ్మగా తీసి చదివించాల్సి వస్తుంది.

ఆ రోజు తీసిన పేజీ సముద్రపు నీటి నుంచి ఉప్పు ఎలా వస్తుందో చెప్పేది. మన రాష్ట్రంలో ఇప్పుడు వచ్చే ద్విభాషా పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. ఇది అలాంటిది కాదు, అంతకు ముందుది. తెలుగు వాక్యాల మధ్యలోనే ఇంగ్లీషు పదాలు, సంకేతాలు, అంకెలు కలిసి ఉన్నాయి. ఒక లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 g లవణాలు ఉంటాయనీ, వాటిలో ఎక్కువ భాగం NaCl అనీ, నీటి గాఢతను హైడ్రోమీటర్‌తో కొలుస్తారనీ అందులో ఉంది.

మేము ఫోటో తీసింది సాయంత్రం, ట్యూబ్‌లైట్ కింద. పుస్తకం కుట్టు దగ్గర పేజీ వంగి ఉంది. తీసిన ఫోటోను ఒకరి ఫోన్ నుంచి ఇంకొకరి ఫోన్‌కు వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపుకున్నాం. అప్పుడు అది కుదించి పంపుతుంది. కుదించిన బొమ్మలో పెద్ద అక్షరాలు బాగానే ఉంటాయి. పోయేవి వత్తులు, దీర్ఘాలు, తలకట్లు. ఇంగ్లీషు అక్షరాలన్నీ దాదాపు ఒకే గీత మీద కూర్చుంటాయి. మన అక్షరం అలా కాదు. పైన గుడి, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. అవి నాలుగు చుక్కలంత చిన్నవైపోతే యంత్రం వాటిని మరక అనుకుని వదిలేస్తుంది. లేకపోతే కింది వరుసలో అక్షరం అనుకుంటుంది. మాకు వచ్చింది ఇది:

```
ఒక లీటరు సముద్రపు నిటిలో దాదాపు 359
లవణాలు ఉంటాయి. ఉపు అంటే NaCI.
```

'నీటి' 'నిటి' అయింది. 'ఉప్పు' 'ఉపు' అయింది. ఈ రెండూ మాకు వెంటనే కనబడ్డాయి, దిద్దాం. తెలుగు మన నోటి భాష, తప్పు పడితే చెవికి తగులుతుంది. మిగతా రెండు తప్పులు కనబడలేదు. చూశామా అంటే చూశాం. కళ్లు వాటి మీదుగానే పోయాయి. అచ్చు తీసి పంపేశాం.

నాలుగు రోజుల తర్వాత ఏడో తరగతి పిల్లవాడొకడు మళ్ల దగ్గర నుంచి వచ్చాడు. నోట్సు కాగితం చేతిలో ఉంది, దాని మీద ఉప్పు మరకలు.

"సార్, ఇది తప్పు గదా?" అన్నాడు.

"ఏదిరా?"

"లీటరు నీళ్లల్లో 359 అని ఉండాది. అంత ఉప్పుంటే నీళ్లు మడిలోకి పెట్టంగానే దిగిపోద్ది గదా సార్. మా తాతోళ్లు అన్ని రోజులు ఎండబెట్టేది ఎందుకు?"

మేము పుస్తకం తీసి చూశాం. పుస్తకంలో ఉన్నది 35, పక్కనే ఇరుగ్గా గ్రాముల గుర్తు g. అచ్చులో ఆ g తోక గుండ్రంగా ఉంది. యంత్రం దాన్ని తొమ్మిది అనుకుని ముందున్న అంకెలకు కలిపేసింది. గ్రాముల గుర్తు పోయింది, ముప్పై ఐదు కాస్తా మూడువందల యాభై తొమ్మిది అయింది.

పిల్లవాడు చెప్పిన లెక్క ఎంత సరైనదో తర్వాత చూసుకున్నాం. లీటరు నీళ్లలో మామూలు వేడికి కరగగలిగిన ఉప్పు దాదాపు 360 గ్రాములు. అంటే మా నోట్సు ప్రకారం సముద్రం నిండా ఇక చిటికెడు ఉప్పు కూడా పట్టని నీళ్లు ఉన్నట్టు. కొఠారులో గాజు గొట్టం ముంచి డిగ్రీ చూస్తారు. అదే పుస్తకంలోని హైడ్రోమీటర్. సముద్రపు నీళ్లు మూడు డిగ్రీల దగ్గర ఉంటాయి. పెద్ద మళ్లలో ఎండి ఎండి ఇరవై ఐదు దగ్గరికి వస్తే ఉప్పు దిగడం మొదలవుతుంది. అప్పటికి నీళ్లు మొదట్లో ఉన్నదానిలో పదో వంతుకు వచ్చేస్తాయి. ఇదంతా ఆ పిల్లవాడికి పుస్తకం చెప్పలేదు, తాత వెనకాల నడిచి తెలుసుకున్నాడు. వాడు కాక మళ్లు ఎరగని పిల్లలు ఎవరైనా అయితే 359 అనే బట్టీ పట్టేవాళ్లు. పరీక్షలో అదే రాసేవాళ్లు. మార్కు పోయాక తప్పు ఎవరిదో వాళ్లకు తెలిసేది కూడా కాదు.

రెండో తప్పు ఇంకొక పిల్ల చదువుతుంటే బయటపడింది. ఆ పిల్ల "ఎన్ ఏ సీ ఐ" అని చదివింది. పుస్తకంలో ఉన్నది Cl, అంటే పెద్ద సీ, చిన్న ఎల్. యంత్రం చిన్న ఎల్‌ను పెద్ద ఐ చేసింది. మా ఫోన్ తెరమీద ఆ రెండూ ఒకే నిలువు గీతలా కనిపిస్తాయి. అందుకే మాకు తెలియలేదు. అచ్చు వేసేటప్పుడు ఫాంటు మారింది, ఐకి పైనా కిందా అడ్డగీతలు వచ్చాయి. ఆ పిల్ల కాగితం మీద ఉన్నది ఉన్నట్టే చదివింది.

అప్పటి నుంచి మేము పద్ధతి మార్చుకున్నాం. ఫోటో పగటి వెలుతురులో, వరండాలో తీస్తాం. పుస్తకాన్ని బల్ల మీద పరిచి, కుట్టు దగ్గర చేత్తో అదిమి పట్టి, ఫోన్‌ను నెత్తిమీద నుంచి సమంగా ఉంచుతాం. ఒక్క పేజీనే తీస్తాం. ద్విభాషా పుస్తకంలో రెండు పేజీలూ కలిపి తీస్తే యంత్రం ఒక పేజీ వరుస పూర్తి కాగానే ఎదుటి పేజీ వరుసలోకి దూకేస్తుంది, రెండు భాషలూ కలగాపులగం అవుతాయి. ఫోటోను వాట్సాప్‌లో పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపుతాం, అప్పుడు కుదించదు. ల్యాప్‌టాప్‌లో అయితే ఈ ఒక్క వరుస:

```
tesseract page.jpg notes -l tel+eng
```

చివర రెండు భాషలూ చెప్పాలి. eng ఒక్కటే చెబితే తెలుగు వరుసలన్నీ పిచ్చి గీతలవుతాయి. tel ఒక్కటే చెబితే ఇంగ్లీషు పదాలు చెడిపోతాయి. ముందు రాసిన భాషను అది ప్రధానంగా తీసుకుంటుంది కాబట్టి తెలుగు పేజీకి tel ముందు పెడతాం.

ఇంత చేసినా తప్పులు రాకుండా ఉండవు. వచ్చేవి ఎక్కడ వస్తాయో తెలిసింది, అంతే. నోట్సును మూడుసార్లు చూస్తాం, ఒక్కోసారి ఒక్కదాన్నే. మొదటిసారి ఇద్దరం కూర్చుని తెలుగు పైకి చదువుతాం. ఒకరు నోట్సు చదువుతుంటే రెండోవారు పుస్తకం మీద వేలు పెట్టి చూస్తారు. రెండోసారి ఇంగ్లీషు పదాలను మాటగా చదవం, ఒక్కో అక్షరం పలుకుతాం. మాటగా చదివితే మనసు తప్పును తానే సరిచేసుకుని ముందుకు పోతుంది. మూడోసారి అంకెలు, కొలతలు, సూత్రాలు మాత్రమే. H2O దగ్గర చివరిది అక్షరమా, సున్నా అంకెనా అని చూస్తాం. తెలుగు వాక్యం మధ్యలో అయితే అది మన పూర్ణబిందువుగా కూడా మారుతుంది. కంటికి మూడూ గుండ్రమే. అనుమానం వస్తే ఫైల్లో వెతికే పెట్టెలో ఇంగ్లీషు కీబోర్డుతో H2O అని టైపు చేస్తాం. దొరక్కపోతే లోపల ఉన్నది వేరే గుర్తు అన్నమాట. ఎల్, ఐ అనుమానానికి ఫాంటు మార్చి చూడటమే మందు.

పొల్లు సంగతి ఒకటి చెప్పాలి. పుస్తకంలో 'హైడ్రోమీటర్‌తో' అని ఉంది. మా నోట్సులో 'హైడ్రోమీటర్తో' అని వచ్చింది, రకు తవత్తు పడింది. ఇంగ్లీషు మాటకు మన విభక్తి తగిలించినప్పుడల్లా ఇది జరుగుతుంది. ఆ రెండు అక్షరాల మధ్య కంటికి కనబడని ఒక గుర్తు ఉండాలి, అది వాటిని అతుక్కోకుండా ఆపుతుంది. దాని సంకేతం U+200C. బొమ్మలో అది కనిపించదు కాబట్టి యంత్రం చాలాసార్లు వదిలేస్తుంది. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో పొల్లు తర్వాత 200C అని టైపు చేసి Alt, X కలిపి నొక్కితే వస్తుంది. ఫోన్‌లో అయితే సరిగ్గా ఉన్న మాట ఒకటి దాచుకుని అందులోంచి కాపీ చేస్తాం.

'స్ఫటికం' విషయంలో మాత్రం యంత్రాన్ని తిట్టలేం. అది 'స్పటికం' అని ఇచ్చింది. మేము దిద్దకుండా వదిలేశాం, ఎందుకంటే మేము కూడా ఎన్నో ఏళ్లుగా బోర్డు మీద అలాగే రాస్తున్నాం. పుస్తకం పక్కన పెట్టి చూసినప్పుడు ఫ కింద ఉన్న చిన్న గీత కనబడింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

ఉప్పు పాఠం నోట్సు మళ్లీ అచ్చు తీశాం. 35కీ, గ్రాముల గుర్తుకూ మధ్య ఖాళీ వదిలి, పక్కన తెలుగులో 'గ్రాములు' అని కూడా రాశాం. పాత కాగితాలు వెనక్కి తెమ్మని పిల్లలకు చెప్పాం. పదకొండు ఇచ్చాం, తొమ్మిది తిరిగి వచ్చాయి. మిగతా రెండు కొఠారులో ఉన్నాయన్నారు. ఆదివారం సైకిల్ మీద పోయి, ఆ రెండిటి మీద పెన్నుతో దిద్ది వచ్చాం. మొదట తప్పు పట్టిన పిల్లవాడి తాత ఆ కాగితం చేతిలోకి తీసుకుని, ఎంత దిద్దారని అడిగాడు. ముప్పై ఐదని చెప్పాం. ఆయన మడిలోని నీళ్లు కొంచెం అరచేతిలోకి తీసుకుని నాలుకకు తగిలించుకుని, "ఇయ్యి దానికి పైన ఉండాయిలే" అన్నాడు.