వాలినా పడనివారు

విద్యార్థులారా, మన తెలుక్ ఇంతాన్ పట్టణం నడుమ ఉన్న వాలుగోపురాన్ని మీరందరూ చూచినవారే. 1885లో కట్టిన ఆ గోపురం బయటి నుండి ఎనిమిది అంతస్తులుగా కనిపించినా, లోపల ఉన్నవి మూడే. పైన గడియారమూ, లోపల పట్టణానికి నీటిని నిలువచేసే తొట్టీ ఉండేవి. అడుగున నేల మెత్తనిది కావడమూ, నీటి బరువూ కలిసి గోపురం ఒక పక్కకు ఒరిగినదని పెద్దలు చెబుతారు. మా వీధి పెద్దల ఉదయపు నడక బృందానికి పేరు దొరికినది ఆ గోపురం వల్లనే.

ఆ బృందంలో పద్నాలుగు మంది ఉన్నారు. ఎక్కువ మంది ఒకప్పుడు రబ్బరు తోటలలో పాలు గీసినవారు. పొద్దెక్కక ముందే, చల్లని వేళలో పాలు బాగా కారుతాయి గనుక వారు చీకటితోనే లేచేవారు. తోట విడిచి ఎన్నో ఏండ్లయినా ఆ మెలకువ మాత్రం వారిని విడువలేదు. వారితో పాటు ఒక చీనా దంపతులూ, పదవీ విరమణ చేసిన ఒక మలయ్ ఉపాధ్యాయుడూ నడుస్తారు. సెలవు దినాలలో నేనూ వెళతాను. అందరికీ ఒకే రంగు చొక్కాలు కుట్టించాలని అనుకొన్నప్పుడు, వాటి మీద ఏ పేరు వేయించాలన్న ప్రశ్న వచ్చినది.

మొదట ఒకరు “పెరట్టు” అన్నారు. తోటలలో తెల్లవారుజామున కూలీలను వరుసగా నిలబెట్టి పేర్లు పిలిచేవారు. దానినే పెరట్టు అనేవారు. ఇప్పుడు ఎవరూ పేరు పిలువకపోయినా మనమే వచ్చి నిలబడుతున్నాము గదా అన్నది ఆయన హాస్యం. కొందరు నవ్వారు. కాని ఆలస్యమైన నాడు పని లేక, జీతం లేక ఇంటికి తిరిగివచ్చినవారు నవ్వలేదు. చీనా దంపతులకు ఆ మాటే తెలియదు. పేరు అక్కడితో ఆగినది.

మరునాడు చేతికర్రతో నడిచే తాతగారు ఇలా అన్నారు: “మన గోపురం వాలినది గాని కూలలేదు. మనమూ అంతే. ‘వాలినా కూలనివారు’ అని పెట్టండి.” అందరిలోకి ఎక్కువగా ఒరిగి నడిచేవారు ఆయనే. అందుచేత ఆ మాట ఆయన నోట రావడమే మేలైనది. అదే ఇంకొకరు అని ఉంటే ఆయనను వేలెత్తి చూపినట్లు ఉండేది.

ఆయన మనుమడు దానిని కాగితం మీద వ్రాస్తూ “వాలిన” అని వ్రాశాడు. ఒక్క దీర్ఘం తగ్గినది, పేరు తలక్రిందులైనది! “వాలిన” అంటే వంగిపోయినవారు అనే. “వాలినా” అంటే వాలినప్పటికీ అని అర్థం. దీనినే మనం తరగతిలో అప్యర్థకమని చదువుకొన్నాము. హాస్యమూ గౌరవమూ రెండూ ఆ దీర్ఘంలోనే ఉన్నాయని చెప్పి దిద్దించాను.

చొక్కాలకు డబ్బు కట్టే వేళకు ఒక మామ్మగారు నెమ్మదిగా అన్నారు: “నలభై ఏండ్లు కూలీ, కూలీ అని పిలిపించుకొన్నాను. ఇప్పుడు వీపు మీద కూడా అదేనా నాయనా?” కూలుట అంటే నేలమట్టమగుట, కూలి అంటే పనికి ఇచ్చే డబ్బు, రెండింటికీ సంబంధం లేదు. ఈ సంగతి మామ్మగారికీ తెలుసు. అయినా ఆ ధ్వని ఆమె చెవిలో పడుతూనే ఉంటుంది. ఆమె చొక్కా వద్దని అనలేదు. కాని ఇష్టంగా తొడుగుకొనరని అందరికీ అర్థమైనది. “ఆమె చెప్పినది నిజమే” అని మొదట అన్నవారు ఆ తాతగారే.

“కూలని” పోయి “పడని” వచ్చినది. “వాలినా పడనివారు” అని పైకి చదవగానే మామ్మగారే ముందుగా నవ్వారు. ఎందుకంటే తెలుగులో పడనివారు అంటే క్రింద పడనివారే కాదు, ఒకరితో ఒకరికి సరిపడనివారు కూడా! గోపురం దగ్గర కుడి వైపు తిరగాలా, ఎడమ వైపు తిరగాలా అని ప్రతి ఉదయమూ వాదులాడుకొనే ఇద్దరు పెద్దయ్యలు మా బృందంలో ఉన్నారు. ఆ పేరు తమ కోసమే పెట్టారని ఆ ఇద్దరూ ఒప్పుకొన్నారు. వారు ఏకమాటగా ఒప్పుకొన్నది ఇదొక్కటే.

ఇక చీనా దంపతులకూ, మలయ్ ఉపాధ్యాయునికీ ఇంత పొడుగు పేరు నోరు తిరగలేదు. మలయ్ భాషలో వాలుట “చొండోంగ్”. ఉపాధ్యాయుడు దానిని “గెంగ్ చొండోంగ్” అని కుదించారు. చొక్కా వీపున పైన తెలుగు పేరు, క్రింద ఆ రెండు మాటలు, నడుమ ఒరిగిన గోపురం బొమ్మ వేయించాము. బొమ్మ తిన్నగా లేదని అచ్చువేసే కుర్రవాడు రెండుసార్లు ఫోను చేశాడు.