చెంచా చెంచా ఎక్కడ?

2025 జూన్ 14, శనివారం. నాచారం

హెచ్ఎంటీ నగర్ వైపున్న ప్లేస్కూల్ టీచర్ సాయంత్రం వచ్చింది. రెండేళ్ళు, రెండున్నరేళ్ళ పిల్లల కోసం ఒక నిమిషం వీడియో చేస్తున్నారట, మాటలు నన్ను రాయమంది. తను రాసుకున్న కాగితం కూడా తెచ్చింది. అందులో పైన-కింద, లోపల-బయట, ముందు-వెనక, పెద్ద-చిన్న అన్నీ ఉన్నాయి. ఒక్కో జంటకు ఒక్కో బొమ్మ, ఒక్కో పాట వరుస.

"అక్కా, పిల్లలు ఊరికే బోర్ కొట్టించుకుంటరు కదా, అందుకే మార్చి మార్చి పెట్టిన" అంది.

విసుగు పెద్దవాళ్ళది. ఈ వయసు పిల్లకు అదే కథ మళ్ళీ కావాలి, అదే చోట అదే మాట రావాలి. తర్వాత ఏమొస్తుందో తనకు ముందే తెలియడమే ఆ పిల్లకు ఆట. వాక్యమూ బొమ్మా వరుసా ఒకేసారి మారితే, ఏ మాట ఏ మార్పుకు చెందుతుందో తేల్చుకోలేదు. అంతా అలాగే ఉండి ఒక్కటే మారితే, చెవి ఆ ఒక్కదాని మీదే నిలుస్తుంది.

అందుకని పైన-కింద అనే ఒక్క జంటే తీసుకుందామన్నాను. ఒక వస్తువు, ఒక ప్రశ్న, ఒక జవాబు. వస్తువు చెంచా. అది లేని ఇల్లు ఉండదు, కొనక్కర్లేదు, పిల్ల చేతికి సరిపోతుంది. టీచర్ కాస్త సందేహిస్తూనే ఒప్పుకుంది.

జూన్ 16, సోమవారం. ఉప్పల్

పని మీద ఉప్పల్ రింగ్ రోడ్డుకు వెళ్ళి స్కైవాక్ ఎక్కాను. 2023లో తెరిచినప్పటి నుంచి ఈ చౌరస్తా దాటడం సులువైంది. చంటిపిల్లను ఎత్తుకున్న ఒకామె రెయిలింగ్ దగ్గర ఆగి, "పైన ఏమొస్తుందిరా? మెట్రో! కింద ఏముంది? బస్సు!" అంటోంది. కింద హనుమకొండ బస్సు, యాదగిరిగుట్ట బస్సు. నాగోల్ నుంచి వచ్చే రైలు పైన.

విన్నాక నా కాగితంలో 'పైన' కొట్టేసి 'మీద' రాశాను. మెట్రో రోడ్డుకు పైన ఉంది, రోడ్డు మీద లేదు. రోడ్డు మీద ఉన్నది బస్సు. తాకకుండా ఎత్తులో ఉన్నదాన్ని పైన అంటాం. తాకుతూ ఉన్నదాన్ని పైన అనీ అంటాం, మీద అనీ అంటాం. మా ఆటలో చెంచాను పెట్టేది గిన్నె మీద, అది గిన్నెను తాకుతూ ఉంటుంది కాబట్టి 'మీద' అంటే అనుమానానికి చోటు లేదు. పైగా ఈ చుట్టుపక్కల ఇళ్ళలో రోజంతా వినపడేదీ అదే: మంచం మీద, బండి మీద, పొయ్యి మీద. వీడియోలో విన్న మాట ఇంట్లోనూ వినపడితేనే నిలబడుతుంది.

ఇంకొకటి. 'గిన్నె మీద ఉంది' అని రాస్తే పలికేటప్పుడు 'మీదుంది' అయిపోతుంది. పిల్ల పట్టుకోవలసిన మాట చివర తెగి, పక్క మాటలో కలిసిపోతుంది. కనుక 'ఉంది' వద్దు. 'గిన్నె మీద' అని అక్కడే ఆపేయాలి. మాటల గుంపులో చివరిది పిల్లల చెవికి బాగా అందుతుంది. నేర్పదలచిన మాట మన భాషలో తనంతట తానే చివరికి వస్తోంది. దాని వెనక ఇంకేదీ తగిలించకపోతే చాలు.

జూన్ 18, బుధవారం. నాచారం

ఈ రోజంతా మాత్రలు లెక్కపెట్టడమే. 'చెంచా చెంచా ఎక్కడ' అంటే నాలుగు, నాలుగు, నాలుగు, మొత్తం పన్నెండు మాత్రలు. 'గిన్నె మీద' అంటే మూడూ మూడూ ఆరు. దాన్ని రెండుసార్లు అంటే మళ్ళీ పన్నెండే. ప్రశ్నా జవాబూ సమానంగా తూగుతాయి, కానీ నడక మారుతుంది. ప్రశ్న నాలుగు నాలుగుగా నడిస్తే, జవాబు మూడు మూడుగా గెంతుతుంది. ఆ గెంతు దగ్గరే పిల్ల చప్పట్లు కొడుతుంది.

ఇక గిన్నెతో పాటు ఏవి పెట్టాలి? కుర్చీ, మంచం రాసి చూశాను. అవి నాలుగు మాత్రలు, కాలు తడబడుతుంది. ఇల్లు అందామంటే 'మీద' ముందు అది 'ఇంటి' అయిపోతుంది. పిల్లకు తెలిసిన మాట ఆకారం మారకూడదు. చివరికి గిన్నె, చాప, బల్ల, అమ్మ మిగిలాయి. నాలుగూ మూడేసి మాత్రలు, నాలుగూ ఆకారం మారనివి. 'కింద' కూడా 'మీద' లాగే మూడు మాత్రలు కనుక తర్వాతి వీడియోకు ఇదే వరుస సరిపోతుంది.

'అమ్మ మీద' చివర పెట్టాను. మూడుసార్లు వస్తువులు వచ్చాక చెంచా అమ్మ నెత్తిన కనపడితే నవ్వు వస్తుంది. మొదటే పెడితే రాదు, ఎందుకంటే తలకిందులు చేయడానికి అప్పటికింకా అలవాటే పడలేదు.

టీచర్ ఫోన్ చేసి, ప్రాస కోసం ఇంకో చరణం కలపమంది. ప్రాస కుదరాలంటే పిల్లకు తెలియని మాట తేవాలి. ఆ ఒక్క కొత్త మాట దగ్గర ఆట ఆగిపోతుంది. వద్దన్నాను.

జూన్ 21, శనివారం. నాచారం

పక్కింటి పాపతో ఆడి చూశాం. రెండేళ్ళు దాటింది. వాళ్ళ నాయనమ్మది నల్లగొండ వైపు. బల్ల దగ్గర కూర్చుని ముందు 'బల్ల మీద పెట్టు' అన్నాం, పెట్టింది. టీచర్ మురిసిపోయింది, "వచ్చేసిందక్కా!" అంటూ.

వచ్చిందని అప్పుడే చెప్పలేం. చదునైనది కనపడితే మీద పెట్టడం, లోతున్నది కనపడితే లోపల వేయడం ఈ వయసు పిల్లలు మాట అర్థం కాకున్నా చేసే పని. ఈవ్ క్లార్క్ అనే భాషాశాస్త్రవేత్త 1973లోనే దీన్ని ప్రయోగాలతో చూపించింది. బల్ల మీద పెట్టిన పిల్లకు 'మీద' తెలిసి ఉండొచ్చు, అసలు మాటే వినకపోయి ఉండొచ్చు. అలవాటు ఒకవైపు లాగుతున్నప్పుడు మాట ఇంకోవైపు చెప్పాలి. తెరిచి ఉన్న గిన్నె ఇస్తే చెంచా లోపలే పడుతుంది. అందుకే గిన్నెను బోర్లించి చూడాలి, 'కింద' అనీ అడగాలి.

అడిగాం. 'గిన్నె కింద పెట్టు' అనగానే పాప గిన్నె తీసి నేల మీద పెట్టేసింది. టీచర్ ముఖం వాడింది. నాకు మాత్రం సంతోషమేసింది. పాప చేసింది సరైనదే. ఆ వాక్యానికి తెలుగులో రెండర్థాలు: దేన్నో గిన్నె కిందికి చేర్చమనీ, గిన్నెనే దించి నేల మీద పెట్టమనీ. ఇంట్లో రోజూ 'కింద పెట్టు' అని వినే పిల్లకు రెండోదే ముందు తడుతుంది. ఇది రాసి చదువుకుంటే కనపడదు, పిల్లతో ఆడితేనే బయటపడుతుంది.

మాట మార్చాం. 'చెంచా దాచు' అని ఆగి, 'ఎక్కడ? గిన్నె కింద!' అన్నాం. ఈసారి పాప నా కళ్ళలోకి చూసింది. నేను గిన్నె వైపు చూడలేదు. చూస్తే చూపే జవాబు చెప్పేస్తుంది. కాసేపు ఆలోచించి, గిన్నె అంచు ఎత్తి చెంచాను కిందికి తోసింది. నాయనమ్మ పక్కనుంచి, "ఏడ వోయింది చెంచా? ఏడుందే?" అని అందుకుంది. పాప పగలబడి నవ్వింది.

ఆ 'ఏడ' నాకు కావాలి. 'చెంచా చెంచా ఏడా' అని సాగదీస్తే అదీ పన్నెండు మాత్రలకు సరిపోతుంది.

జూన్ 25, బుధవారం. ఉప్పల్

రికార్డింగ్. ప్రశ్నకు మూడు సెకన్లు, తర్వాత నాలుగు సెకన్ల మౌనం, జవాబుకు మూడు, బొమ్మ నిలిచి ఉండటానికి రెండు. మొత్తం పన్నెండు. నాలుగు చుట్లకు నలభై ఎనిమిది, చివర పెద్దలకు ఏడు సెకన్లు. యూట్యూబ్ షార్ట్స్ ఇప్పుడు మూడు నిమిషాల దాకా ఒప్పుకుంటుంది గానీ మాకు ఈ యాభై ఐదు సెకన్లు చాలు.

ఎడిటింగ్ చేసే అబ్బాయి ఆ నాలుగు సెకన్లలో తబలా నింపాడు. "ఖాళీగా ఉంటే వేలితో పైకి తోసేస్తారు మేడమ్" అన్నాడు. ఆ ఖాళీ పిల్లది, పిల్ల జవాబు వెతుక్కునే చోటు. పెద్దవాళ్ళకు ఒక్క సెకను చాలు, రెండేళ్ళ పిల్లకు చాలదు. అమెరికాలో 1996లో మొదలైన బ్లూస్ క్లూస్ అనే పిల్లల కార్యక్రమంలో ప్రశ్న అడిగి ఆగి ఎదురుచూసేవారు. పైగా ఒకే భాగాన్ని వారంలో ఐదు రోజులు చూపేవారు. పరిశోధకులు గమనిస్తే, మళ్ళీ మళ్ళీ చూసిన కొద్దీ పిల్లలు ఎక్కువగా జవాబులిచ్చారు. ఇది చెప్పి తబలా తీయించాను. మౌనంలో చెంచా మాత్రం మెల్లగా ఊగుతుంది, ప్రశ్న ఇంకా నిలిచే ఉందని తెలియడానికి.

జూన్ 29, ఆదివారం. నాచారం

చివరి ఏడు సెకన్ల మీద రోజంతా ఆలోచించాను. పిల్లల కోసం చేసిన వీడియో అని యూట్యూబ్‌లో గుర్తు పెడితే కామెంట్లు ఉండవు. తల్లిదండ్రులకు చెప్పవలసింది వీడియోలోనే చెప్పాలి. రెండున్నరేళ్ళ లోపు పిల్లలు తెర మీద చూసి నేర్చుకునేది, ఎదురుగా మనిషి చేసి చూపిస్తే నేర్చుకునే దానికన్నా తక్కువ. రెండేళ్ళు నిండిన పిల్లకు కూడా తెర రోజుకు గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, అంతకన్నా తక్కువైతే ఇంకా మంచిదంది. షార్ట్స్ అయితే అయిపోగానే తనే మళ్ళీ మొదలవుతుంది. అందుకే ముగింపు మొదటికి అతుక్కోకూడదు, పెద్దవాళ్ళ చేత ఫోన్ పక్కన పెట్టించాలి.

ఈ రాత్రి టీచర్‌కు పంపిన ప్రతి:

చెంచా చెంచా ఎక్కడ?
(నాలుగు సెకన్లు ఆగాలి)
గిన్నె మీద, గిన్నె మీద!

చెంచా చెంచా ఎక్కడ?
(నాలుగు సెకన్లు ఆగాలి)
చాప మీద, చాప మీద!

చెంచా చెంచా ఎక్కడ?
(నాలుగు సెకన్లు ఆగాలి)
బల్ల మీద, బల్ల మీద!

చెంచా చెంచా ఎక్కడ?
(నాలుగు సెకన్లు ఆగాలి)
అమ్మ మీద, అమ్మ మీద!

తర్వాత పెద్దల కోసం, కదలని బొమ్మ మీద, మామూలు గొంతుతో: "ఇప్పుడు ఫోన్ పక్కన పెట్టి మీ ఇంటి చెంచా తీయండి. అడిగి, కాసేపు ఆగండి. మీ ఇంట్లో ఏడ అంటారా? ఏడ అనే అడగండి."

పిల్ల వినే మాటలు ఇరవై ఎనిమిది, అందులో వేరువేరువి ఏడే. టీచర్ వెంటనే ఫోన్ చేసి, "గింతేనా అక్కా?" అంది. వారమంతా ఇదొక్కటే వేయమన్నాను. పై వారం 'కింద' వేద్దాం, అదే చెంచా, అదే వరుస. ఆ తర్వాత గిన్నె బోర్లించి, కళ్ళు పిల్ల ముఖం మీదే ఉంచి, ఒకసారి మీద అనీ ఒకసారి కింద అనీ ఒక క్రమం లేకుండా అడగమన్నాను. రెండింటికీ సరిగ్గా పెడితే 'లోపల' మొదలుపెడదాం. తడబడితే మళ్ళీ 'మీద' దగ్గర నుంచే.