కళ్ళలో చూసి దొంగను పట్టేవాడు

మా మనవడికి జపాను బొమ్మల సినిమాల మీద ఉన్న ప్రీతి ఇంతా అంతా కాదు. ఆ దేశాలవారు మనుషులతో సినిమాలు తీయరా అని నేను వేళాకోళమాడితే, వేసవి సెలవుల్లో ఒక రాత్రి నన్ను కూర్చోబెట్టి కొరియా సినిమా ఒకటి చూపించాడు. పేరు ‘మెమొరీస్ ఆఫ్ మర్డర్’. 2003లో బాంగ్ జూన్-హో తీసినది. అక్షరాలు చదువుకుంటూ సినిమా చూడడం నాకేం కుదురుతుందని సందేహించాను. పావుగంటలో ఆ సంగతే మరచిపోయాను. ఈ దేశాల చిత్రాలకు కొత్తవారైతే నేరకథతోనే మొదలుపెట్టండి. తరువాత ఏమవుతుందోనన్న ఆత్రం భాష అడ్డును సగం తొలగిస్తుంది.

కథ 1986లో, సియోలుకు దక్షిణాన ఒక పల్లెలో మొదలవుతుంది. పండిన వరిచేల గట్టున, మురుగుకాలువ తూములో ఒక స్త్రీ శవం దొరుకుతుంది. దర్యాప్తు చేసే పార్క్ అనే డిటెక్టివు (సాంగ్ కాంగ్-హో నటించాడు) మనిషి కళ్ళలోకి చూసి నేరస్థుణ్ణి చెప్పగలనని నమ్మేవాడు. ఒకనాడు పై అధికారి స్టేషనులో కూర్చున్న ఇద్దరు యువకులను చూపిస్తాడు. ఒకడు మానభంగం చేసినవాడు, రెండవవాడు బాధితురాలి అన్న. ఎవడు ఎవడో చెప్పమంటాడు. పార్క్ తేరిపార చూస్తాడు. సమాధానం మనకు చెప్పకుండానే దృశ్యం ముగుస్తుంది. సినిమాకు ఆయువుపట్టు అక్కడే ఉందని నా అభిప్రాయం.

ఆ తరువాత జరిగేదంతా ఆ గర్వం కూలిపోవడమే. హత్యాస్థలంలో దొరికిన ఒక్క అడుగుజాడ మీదుగా ట్రాక్టరు పోతుంది. బుద్ధిమాంద్యం ఉన్న కుర్రవాణ్ణి తన్ని, వాడి బూటుతో దొంగ అడుగుజాడ వేసి, ఒప్పుకోలు వల్లె వేయిస్తారు. సియోలు నుంచి వచ్చిన మరో డిటెక్టివు కాగితాలు అబద్ధం చెప్పవంటాడు. చివరికి అతడూ సహనం కోల్పోయి చేయి చేసుకుంటాడు. హంతకుడు దొరకడు. ఏళ్ళ తరువాత ఉద్యోగం మానేసిన పార్క్ ఆ తూము దగ్గరకే వచ్చి వంగి చూస్తాడు. ఈమధ్య ఇంకొకాయన కూడా ఇలాగే చూశాడని ఒక పాప చెబుతుంది. ముఖం ఎలా ఉందంటే, మామూలుగా ఉందంటుంది. అప్పుడు పార్క్ తిన్నగా మనకేసి చూస్తాడు.

ఇది హ్వాసియాంగ్ ప్రాంతంలో 1986 నుంచి 1991 వరకు నిజంగా జరిగిన హత్యల ఆధారంగా అల్లిన కథ. అసలు హంతకుడెవరో 2019లో డీఎన్ఏ పరీక్షల వల్ల తేలింది. అప్పటికతడు 1994 నాటి వేరొక హత్యకు జైలులోనే ఉన్నాడు. ఆ వరుసలో ఒక హత్యకు మరొక మనిషి ఇరవై ఏళ్ళపాటు శిక్ష అనుభవించి బయటకు వచ్చాడు. నిద్రపోనివ్వక తనచేత ఒప్పించారని మొరపెట్టుకున్న అతడిని 2020లో కోర్టు నిర్దోషిగా ప్రకటించింది.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం చెప్పుకోక తప్పదు. చాలా ఏళ్ళ క్రితం నా తరగతిలో పరీక్ష ఫీజు డబ్బు పోయింది. పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి కళ్ళలోకి చూశాను. ఒకడు తల దించుకున్నాడు. బెత్తం విరిగేదాకా కొట్టాను. వాడు తీశానని ఒప్పుకున్నాడు. మూడో రోజున ఆ డబ్బు నా హాజరుపట్టీ అట్ట లోపలే దొరికింది. తీయని డబ్బు తీశానని ఎందుకన్నావురా అని అడిగితే, “అంటే ఆపుతారని, మాస్టారూ” అన్నాడు. క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు. వాడు పదోతరగతి దాకా నా క్లాసులోనే, చివరి బెంచీలో కూర్చున్నాడు.

మరునాడు మనవడు, “ఈసారి హత్యలు లేనిది చూద్దాం తాతయ్యా” అంటూ జపాను చిత్రం ‘స్టిల్ వాకింగ్’ (2008) పెట్టాడు. కోరె-ఎద హిరొకాజు తీసినది. పెద్దకొడుకు సంవత్సరీకానికి కుటుంబమంతా చేరుతుంది. వంట, భోజనాలు, దెప్పిపొడుపులు, అంతే కథ. నీళ్ళలో పడిన ఒక పిల్లవాణ్ణి కాపాడబోయి ఆ కొడుకు చనిపోయాడు. బ్రతికిన పిల్లవాడు ఇప్పుడు లావుపాటి యువకుడు. ఏటా పిలిస్తే వచ్చి, చెమటలు కక్కుతూ, మోకాళ్ళ మీద కూర్చుని, తిమ్మిరెక్కిన కాళ్ళతో లేవలేక లేచి వెళతాడు. ఇక వాణ్ణి పిలవడం మానరాదా అని చిన్నకొడుకు అడుగుతాడు. తల్లి అల్లిక అల్లుకుంటూ, తలెత్తకుండా, వాడు బాధపడాలనే పిలుస్తున్నానంటుంది. ద్వేషించడానికి ఎవరూ లేకపోతే తనకు మరీ కష్టమట. అంతవరకు అందరికీ ప్రేమగా వడ్డించిన చేతులే అవి.

“ఆవిడ చెడ్డదా తాతయ్యా?” అన్నాడు మనవడు. కాదనాలనిపించింది. కాని నా కళ్ళ ముందు చివరి బెంచీ మెదిలింది. ఆ దృశ్యం మళ్ళీ వేయమన్నాను.