‘పాఠం బాగా జరిగింది’ అని రాస్తే సరిపోదు

బొర్రా దగ్గరి ఓ హైస్కూల్లో నేను సైన్స్ టీచర్‌ని. బీఈడీ ఇంటర్న్‌షిప్‌కి మా దగ్గరికొచ్చే ట్రైనీలు లెసన్ ప్లాన్లు చకచకా రాసేస్తారు. రిఫ్లెక్టివ్ జర్నల్ దగ్గరికొచ్చేసరికి మాత్రం పెన్ను ఆగిపోతుంది. దానికీ మార్కులుంటాయి మరి!

చాలామందికి ఇచ్చే నమూనా గిబ్స్ సైకిల్. గ్రహామ్ గిబ్స్ 1988లో ‘లెర్నింగ్ బై డూయింగ్’ అనే పుస్తకంలో దీన్ని పెట్టారు. ఇందులో ఆరు మెట్లుంటాయి: ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది బాగుంది ఏది బాలేదు, ఎందుకలా జరిగింది, ఏం తెలిసింది, ఈసారి ఏం చేస్తాను. చూడ్డానికి తేలికే. చిక్కంతా నాలుగో మెట్టు దగ్గరే.

ఒక ట్రైనీ తొమ్మిదో తరగతికి గుహల్లో రాళ్లు ఎలా ఏర్పడతాయో చెప్పాడు. మా పిల్లలు బొర్రా గుహల్ని చూస్తూ పెరిగినవాళ్లు. అయినా క్లాసు మూగబోయింది. సాయంత్రం అతను రాసిన ఎంట్రీ రెండు పేజీలుంది. అందులో ఒకటిన్నర పేజీ ఏం జరిగిందనే! ‘ఎందుకు’ కింద ఒకటే వాక్యం: ‘పిల్లలకు ఆసక్తి తక్కువ.’ చివర్లో ‘ఇకపై మరింత ఆసక్తికరంగా బోధిస్తాను.’

“బాబూ, ఈ చివరి వాక్యాన్ని లెక్కల పాఠం కింద పెట్టినా అతుకుతుందా?” అనడిగాను.

“అతుకుతుంది మేడమ్.”

“అయితే నీ పాఠంలో ఏం జరిగిందో ఇంకా తేలలేదన్నమాట.”

నేను ఎంట్రీలు దిద్దేటప్పుడు చూసేది ఇదే. ఆఖరి మెట్టులోని వాక్యం ఏ పాఠానికైనా సరిపోతోందంటే, నాలుగో మెట్టు ఖాళీగా ఉన్నట్టే.

ఇద్దరం నా పరిశీలన షీటు ముందేసుకుని కూర్చున్నాం. పీరియడ్‌లో అతను తొమ్మిది ప్రశ్నలు వేశాడు. నాలుగింటికి ముందు బెంచీలోని ఇద్దరే జవాబిచ్చారు. మిగతా ఐదింటికి ఒక్క సెకను ఆగి తనే చెప్పేశాడు. ‘పైనుంచి వేలాడే రాయి ఎలా పెరిగింది?’ అన్నప్పుడు వెనక బెంచీలో ఓ అమ్మాయి పక్కనమ్మాయితో ఇంటి భాషలో ఏదో అంది. అతను “ఏంటమ్మా?” అనగానే తల దించేసుకుంది. అతని ఎంట్రీలో ఈ సంగతి అసలు లేనే లేదు.

అందుకే మొదటి మెట్టు తిరగరాయించాను. పీరియడంతా వద్దు, ఆ రెండు నిమిషాలు చాలు. అమ్మాయి పేరు రాయకూడదు కాబట్టి ‘విద్యార్థి 1’ అన్నాడు. రెండో మెట్టులో ‘నిశ్శబ్దం చూసి కంగారుపడ్డాను, అందుకే జవాబు నేనే చెప్పేశాను’ అని రాశాడు. అనుభూతి అంటే ‘సంతోషం కలిగింది’ అని అలంకారంగా రాయడం కాదు. ఆ అనుభూతి మనచేత ఏం చేయించిందో రాయాలి.

ఇక నాలుగో మెట్టు. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లోనే సైన్స్ క్లాసుల్ని రికార్డు చేసి చూశారు. ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది సుమారు ఒక్క సెకనే. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, జవాబిచ్చేవాళ్లూ పెరిగారు. మా పిల్లల్లో కొందరైతే ఇంటి భాషలో ఆలోచించి, దాన్ని తెలుగులోకి మార్చుకుని చెప్పాలి. దానికి ఒక్క సెకను ఏం సరిపోతుంది? ‘ఆసక్తి తక్కువ’ అన్నచోట ఇప్పుడు ‘టైమ్ తక్కువ’ అని వచ్చింది. తప్పు పిల్లల మీద నుంచి ప్రశ్న వేసిన తీరు మీదికి మారింది.

అయితే ఒక్క పీరియడ్‌తో కారణం రుజువైపోదు. అందుకే అతని ప్రణాళిక పరీక్షించి చూసేలా ఉంది: ‘గురువారం పీరియడ్‌లో నాలుగే ప్రశ్నలు. ప్రతి ప్రశ్నకీ ముందు పక్కవాళ్లతో నచ్చిన భాషలో అర నిమిషం మాట్లాడుకోవాలి. తర్వాత నేను మూడు సెకన్లు ఆగుతాను. ఎంతమంది జవాబిచ్చారో మేడమ్ లెక్కపెడతారు.’

మాటల లెక్క కూడా చెప్తాను. ఎంట్రీ 500 మాటలైతే ఏం జరిగిందో 100లో తేల్చేయండి. ‘ఎందుకు’కి 150 ఉంచండి, ప్రణాళికకి 80. మిగతా మూడు మెట్లూ తక్కినదాంట్లో సర్దుకుంటాయి.

గురువారం ఏడుగురు మాట్లాడారు. విద్యార్థి 1 చెప్పింది ఇది: “వానాకాలంలో గుహలో చుక్కలు ఎక్కువ పడతాయి సార్. అందుకే రాయి పెరుగుతాది.” పాఠానికి అదే తాళంచెవి. వాననీరు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని సున్నపురాయిని కరిగిస్తుంది. గుహలో చుక్కగా వేలాడినప్పుడు ఆ వాయువు వెళ్లిపోయి, సున్నం పొరగా మిగులుతుంది. అతను ఆ వివరణని ఆమె మాట దగ్గర్నుంచే మొదలుపెట్టాడు.

ఆ రోజు ఎంట్రీ మొదటి మెట్టులో ఆమె మాటే ఉంది, ఆమె అన్నది అన్నట్టుగా.