ముందు మైకు, తరువాతే లైటు

మా మద్రసా పిల్లల కోసం తజ్వీద్ పాఠాలను వీడియోలుగా తీయాలని నిశ్చయించుకున్నప్పుడు మా వద్ద ఉన్నది 4,000 రూపాయలు. ఫోను, మైకు, ట్రైపాడ్, లైటు - వీటిలో దేనికి ముందు ఖర్చు చేయాలి?

కొత్త ఫోను కొనలేదు. ఉన్న ఫోనులోని వెనుక కెమెరా పాఠానికి చాలును.

ప్రథమ స్థానం మైకుకు ఇచ్చాము. 'సీన్'కు, 'సాద్'కు గల భేదం పిల్లల చెవికి అందకపోతే ఆ పాఠమే వ్యర్థం. ఫోను నాలుగడుగుల దూరాన ఉంటే మాటతోపాటు ఫ్యాను హోరు, గోడల ప్రతిధ్వని కూడా అందులో చేరుతాయి. గడ్డానికి జానెడు దిగువన తగిలించిన కాలర్ మైకులో మాటే స్పష్టంగా నిలుస్తుంది. అందుకే తీగ ఉన్న మైకును 900 రూపాయలకు తీసుకున్నాము. కొనేముందు మన ఫోనుకు ఇయర్‌ఫోన్ రంధ్రం ఉన్నదీ లేనిదీ, మైకు పిన్నుపై మూడు వలయాలు ఉన్నదీ లేనిదీ చూడాలి. రెండే ఉంటే అనేక ఫోన్లు దానిని గుర్తించక తమ సొంత మైకుతోనే రికార్డు చేస్తాయి. రికార్డు చేస్తూ మైకును గోటితో మెల్లగా తట్టి, తరువాత వినండి. ఆ చప్పుడు బిగ్గరగా వినిపించకపోతే మైకు పనిచేయలేదని అర్థం.

ద్వితీయ స్థానం ట్రైపాడ్‌ది. 1,100 రూపాయలు అయినది. మేము నేలపై కూర్చుని బోధిస్తాము గనుక ఎత్తు కంటే, కదలక నిలిచే కాళ్లనే చూచుకున్నాము.

లైటు చివరిది. జుహర్‌కు ముందు కిటికీకి అభిముఖంగా కూర్చుంటే వెలుతురు చాలుతుంది. కిటికీ వెనుక ఉంటే ముఖం నల్లబడుతుంది. మిగిలిన 2,000 రూపాయలు దాచి ఉంచాము. ఇషా తరువాత పాఠాలు తీయవలసి వచ్చిన నాడే లైటు కొంటాము.