మూడు లాంతర్ల దగ్గర ఫోన్ పాఠం

విజయనగరంలో మూడు లాంతర్ల జంక్షన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, మందుల దుకాణం పైనున్న మేడగదిలో పదిమంది దాకా ఆడవాళ్లు చాపలమీద కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందూ రూళ్ల పుస్తకం, పెన్ను, బోర్లించిన ఫోను. వీళ్లలో ఎక్కువమంది బీమా సఖులు. ఎల్ఐసీ 2024 డిసెంబరు 9న మొదలుపెట్టిన పథకంలో చేరిన పదో తరగతి పాసైన మహిళలు. మిగతావాళ్లు మామూలు ఏజెంట్లుగా కొత్తగా వచ్చినవాళ్లు. పాఠం చెబుతున్నాయన డెవలప్‌మెంట్ ఆఫీసరు, అందరికీ ‘డీవో గారు’. ఇవాళ్టి పాఠం ఒక్కటే. తెలిసినవాళ్లు చెప్పగా వచ్చిన నంబరుకి ఫోన్ చేసి ఏం మాట్లాడాలి, ఎలా మాట్లాడాలి?

మొదట ఆయన ఒకావిడ చేత పాత స్క్రిప్టు కాగితం చదివించారు. ఎక్కడినుంచో వాట్సాప్‌లో తిరుగుతూ వచ్చిన కాగితమది. ‘మీ కుటుంబ ఉజ్వల భవిష్యత్తు కోసం ఒక సువర్ణావకాశం’ అని మొదలవుతుంది. పేరాగ్రాఫు పూర్తికాకుండానే గదిలో నవ్వులు. “ఫోను పెట్టేద్దునండి నేనైతే” అంది వెనక వరసలోని పార్వతీపురం అమ్మాయి. డీవో గారు కూడా నవ్వేసి, “మరి మనమూ ఇలాగే చదువుతున్నాం కదమ్మా” అన్నారు.

జనం ఫోను పెట్టేయడానికి కారణముంది. పాత పాలసీకి బోనస్ వచ్చిందనీ, అది విడుదల కావాలంటే ముందు కొంత డబ్బు కట్టాలనీ చెప్పే మోసపు ఫోన్లు చాలాకాలంగా తిరుగుతున్నాయి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ తాను ఎవరికీ పాలసీలు అమ్మననీ, బోనస్‌ల గురించి ఫోన్లు చేయననీ ఎన్నోసార్లు ప్రకటించింది. అందుకే కాగితం చదువుతున్నట్టున్న గొంతు వినగానే అవతలివాళ్లు జాగ్రత్తపడతారు. డీవో గారి కొత్త స్క్రిప్టులో తొలి మాటలు ఈ అనుమానాన్ని తీర్చడానికే ఉన్నాయి. నా పేరు ఫలానా, మా ఊరు ఫలానా, మీ నంబరు నాకిచ్చింది ఫలానా వాళ్లు. ఆ వెంటనే, “పనిలో ఉన్నారా, రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?” పనిలో ఉన్నామంటే ఎప్పుడు చెయ్యమంటారో అడిగి పెట్టెయ్యాలి. ఈ పెట్టెయ్యడం దగ్గరే కొత్తవాళ్లు తడబడతారట. దొరికిన మనిషి జారిపోతాడన్న భయంతో “ఒక్క నిమిషమే అండీ” అంటూ సాగదీస్తారు. అక్కడితో ఆ నంబరు పోయినట్టే.

రెండో మెట్టు, అవతలివాళ్లు తామే అన్న మాటని వాళ్లకి గుర్తుచేయడం. అందుకే పుస్తకంలో పేరు, నంబరు పక్కన ‘ఏమన్నారు’ అని ఇంకో గడి గీయించారు. ఎవరైనా నంబరిస్తే, ఏ సందర్భంలో ఏమన్నారో వాళ్ల మాటల్లోనే అందులో రాసుకోవాలి. ‘పాలసీ మీద ఆసక్తి’ అని రాస్తే కుదరదు. సోంపేట దగ్గరి పల్లె నుంచి వచ్చిన సఖి పుస్తకంలో ఆ గడి నాకు చూపించింది. ‘పెళ్లిలో కలిసింది. పాప చదువుకి ఏటైనా ఉందా అంది. ఆయన హైదరాబాద్‌లో మేస్త్రీ పని’ అని ఉంది. ఫోన్‌లో “ఆ రోజు పెళ్లిలో పాప చదువు గురించి అడిగారు కదా, అందుకే చేశాను” అంటే చాలు. ఇక పాలసీ పేరెత్తక్కర్లేదు.

ఆ తర్వాతివన్నీ ప్రశ్నలే. నాకు ఈ స్క్రిప్టులో నచ్చింది కూడా అదే. అమ్మేవాళ్లు చెప్పే మాటలకన్నా అడిగే మాటలే ఇందులో ఎక్కువ. ఇంట్లో ఎవరి సంపాదన మీద ఎందరు బతుకుతున్నారు? ఆ సంపాదనలో నెలకి ఇంటికి ఎంత అందుతోంది? ఇదివరకు ఏదైనా పాలసీ కట్టారా, అది నడుస్తోందా? లక్షల లెక్క ఫోన్‌లో చెయ్యొద్దంటారు డీవో గారు. సోంపేట వాళ్ల లెక్కే బోర్డు మీద వేశారు. మేస్త్రీ నెలకి 15,000 పంపుతున్నాడనుకుందాం. ఏడాదికి 1,80,000. పాపకి ఆరేళ్లు, 18 నిండేదాకా పన్నెండేళ్లు. ధరలు పెరగవనుకున్నా 21,60,000 అవుతుంది. “ఈ అంకె ఫోన్‌లో వింటే భయపడతారు, లేకపోతే నవ్వుతారు. అదే ఇంటికెళ్లి కాగితం మీద వాళ్ల చేతే గుణింపజేస్తే నమ్ముతారు” అన్నారాయన. ఫోన్‌లో నెలకి ఇంటికి ఎంత అందుతోందో తెలుసుకుంటే సరిపోతుంది.

నాలుగో ప్రశ్న ఏ పుస్తకంలోనూ నాకు కనబడనిది. ‘మీ చేతిలో డబ్బు ఏ నెలల్లో ఆడుతుంది?’

ఉత్తరాంధ్రలో నెల జీతం అందుకునే ఇళ్లు కొన్నే. భావనపాడు, కళింగపట్నం వైపు సముద్రం మీద బతికేవాళ్లకి ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవల వేట నిషేధం. ఉద్దానంలో జీడి చేతికొచ్చేది వేసవిలో. వరి రైతుకి డబ్బు కళ్లజూసేది సంక్రాంతి అటూ ఇటూ. ‘నెలకి రెండు వేలే కదా’ అని నెలవారీ పద్ధతిలో కట్టిస్తే వేట ఆగిన నెలలో వాయిదా తప్పుతుంది. నెలవారీకి గడువు దాటాక దొరికే వెసులుబాటు 15 రోజులే. మూడు నెలలు, ఆరు నెలలు, ఏడాది పద్ధతుల్లో అయితే 30 రోజులు. వేటకెళ్లే ఇంటికి ఆర్నెల్ల వాయిదా ఏ నెలల్లో పడితే కట్టగలరో ముందే అడిగితే పాలసీ ల్యాప్స్ కాకుండా నిలబడుతుంది.

పాలసీ నిలబడడం సఖికీ అవసరమే. ఈ పథకంలో స్టైపెండు మొదటి ఏడాది నెలకి 7,000, రెండో ఏడాది 6,000, మూడో ఏడాది 5,000. ఏడాదికి కనీసం 24 మంది చేత పాలసీలు చేయించాలి. రెండో ఏడాది స్టైపెండు అందాలంటే మొదటి ఏడాది చేయించినవాటిలో 65 శాతం నడుస్తూ ఉండాలి. అంటే 24కి పదహారు. అన్నకి, ఆడపడుచుకి మొహమాటం మీద అంటగట్టినవి రెండో వాయిదాకే ఆగిపోతే లెక్క తప్పుతుంది. స్క్రిప్టు ఇంత నెమ్మదిగా ఎందుకుండాలో ఈ అంకె చెబుతుందని నాకనిపించింది.

టీ విరామం తర్వాత మాక్ కాల్. ఒకావిడ పార్టీ, ఒకావిడ ఏజెంటు. ఆరోగ్యం దగ్గర చిక్కొచ్చింది. “మీవారికి జబ్బులేమీ లేవు కదండీ?” అని అడిగింది ఏజెంటు. డీవో గారు ఆపేశారు. ‘లేవు కదా’ అంటే అవతలివాళ్లు లేవనే అంటారు. గత ఐదేళ్లలో ఆసుపత్రిలో చేరారా, రోజూ వేసుకునే మందులున్నాయా, రక్త పరీక్షలో ఏదైనా తేడా వచ్చిందా అని విడివిడిగా అడగాలి. ఉద్దానంలో ఈ ప్రశ్న ఇంకా బరువైంది. కవిటి, సోంపేట, పలాస చుట్టుపక్కల ఊళ్లలో కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఉంది. 2023 డిసెంబరులో పలాసలో దానికోసమే 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. క్రియాటినిన్ ఎంతుందో చాలామందికి నోటిమీదే ఉంటుంది.

“సెప్తే ఇవ్వరేమోనండీ” అంది పార్టీ వేషంలోని ఆవిడ. అందరూ అడిగేది ఇదే. జవాబులో ఒట్టి హామీ ఉండకూడదు. చెబితే పరీక్షలు అడగొచ్చు, ప్రీమియం పెంచొచ్చు, అసలు ఇవ్వకపోనూ వచ్చు. దాస్తే, బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లలోపు కంపెనీ ఆ పాలసీని ప్రశ్నించవచ్చు. అప్పుడు కాగితాలు పట్టుకుని తిరగాల్సింది ఇంటావిడే. ఈ నాలుగు ముక్కలూ అదే వరసలో, గొంతు పెంచకుండా చెప్పి, అవతలివాళ్లు మాట్లాడేదాకా ఆగమన్నారు. ఆగడం ఎంత కష్టమో ఆ గదిలో చూశాను. మూడు సెకన్లకే ఒకావిడ “పర్లేదండీ, ఏం కాదులెండి” అనేసింది. ఆ ‘ఏం కాదు’ స్క్రిప్టులో లేదు.

జీఎస్టీ మాటలోనూ తప్పు దొర్లుతోంది. వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. దాన్ని పట్టుకుని “18 శాతం తగ్గిందండీ” అని అన్నిటికీ చెప్పేస్తున్నారు. టర్మ్ పాలసీకైతే 18 శాతం పన్ను పడేది నిజమే. ఎండోమెంట్‌కి మాత్రం అంతకుముందు కూడా పడింది మొదటి ఏడాది నాలుగున్నర శాతం, ఆపైన రెండుంబావు శాతమే. ఇక “మొదటి వాయిదా మీరే కట్టేయండి, పాలసీ చేస్తాం” అని అడిగేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అలా కమీషన్లోంచి వాటా ఇవ్వడాన్ని 41వ సెక్షన్ నిషేధిస్తుంది. పది లక్షల దాకా జరిమానా పడొచ్చు. “అది మా చేతుల్లో లేదండీ, చట్టం ఒప్పదు” అని ఒక్కసారి నవ్వుతూ చెప్పి తర్వాతి ప్రశ్నకి వెళ్లాలి.

సాయంత్రం ఆరు దాటాక సోంపేట సఖి నిజం ఫోన్ చేసింది. స్పీకరు వద్దన్నారు, కాబట్టి ఇటువైపు మాటలే వినిపించాయి.

“అప్పా, నానండీ... ఆ, పెళ్లిలో కలిసాం కదా... వంట్లో ఉన్నారా, మాటాడొచ్చా? ... పాప సదువు గురించి అడిగారు కదా, అందుకే... ఆయన నెలకెంత పంపుతారప్పా? ... ఇంతకుముందు ఏటైనా కట్టారా? ... ఎప్పుడు ఆపేశారు? ... మూడేళ్లా... బాండు ఇంట్లోనే ఉందా?”

చెవి దగ్గర ఫోనుంచుకునే డీవో గారి వైపు చూసింది. ఆయన చేత్తోనే ‘ఆగు’ అన్నట్టు సైగ చేశారు. కొత్త పాలసీ మాట అక్కడితో ఆగింది. ఎండోమెంట్ లాంటి పాలసీలు ఆగిపోయాక, కట్టని మొదటి వాయిదా నుంచి ఐదేళ్ల లోపైతే బకాయి, వడ్డీ కట్టి, ఆరోగ్య వివరాలిచ్చి మళ్లీ నడిపించుకునే వీలుంటుంది. రివైవల్ చేయిస్తే కొత్త పాలసీ చేయించినంత కమీషన్ రాదు, ఆ 24లోనూ లెక్కకి రాదు. అయినా సఖి చెప్పాల్సిందే చెప్పింది. “ముందు ఆ బాండు సూద్దామప్పా. ఆయనకి ఆదివారం సెలవా? ... పొద్దున్న పదా, సాయంత్రం నాలుగా? ... నాలుక్కొస్తాను, ఆయన్ని వీడియోలో కలపండి. నా కార్డు ఫొటో పంపుతున్నాను. ఓటీపీలు గట్రా ఎవరడిగినా ఇవ్వకండి, నానడిగినా సరే.”

ఫోను పెట్టగానే గడిలో రాసుకుంది: ఆదివారం నాలుగు, పాత బాండు నంబరు, ఆగిన తేదీ, మేస్త్రీ మందులు. ఆ చివరిది ఎందుకని అడిగితే, “మళ్లీ నడిపించినా ఆ మూడేళ్ల లెక్క రివైవల్ తేదీ నుంచి కొత్తగా మొదలవుతుందట కదండీ, ఆయన్నే అడగాలి” అంది. మూడేళ్ల బకాయి ఒకేసారి కట్టలేమంటే ఏం చెబుతావని డీవో గారు అడిగారు. ఆలస్య రుసుములో రాయితీ ఇచ్చే రివైవల్ క్యాంపెయిన్లు ఎల్ఐసీ అప్పుడప్పుడూ పెడుతుంటుంది, ఇప్పుడేమైనా ఉందో లేదో బ్రాంచిలో కనుక్కుని వెళ్తానంది. అదీ లేకపోతే? మేస్త్రీ చేతికి డబ్బొచ్చే నెల ఏదో అడుగుతానంది. అప్పటికే పార్వతీపురం అమ్మాయి తన ఫోను తీసి, మొదటి నంబరు పక్కన ‘ఏమన్నారు’ గడి ఖాళీగా ఉందని చూసుకుని, ఆ నంబరిచ్చిన పిన్నికే ముందు ఫోన్ చేస్తోంది.