మేస్త్రీతో కూలీ ఒప్పందం: రేటు కన్నా కొలత ముఖ్యం

తెలుగు రాష్ట్రాల్లో సొంత ఇల్లు కట్టుకొనే మధ్యతరగతి యజమానులు చాలామంది సిమెంటు, ఇనుము, ఇసుక, ఇటుక తామే కొని, పనిని మాత్రం చదరపు అడుగుకు ఇంత అని ఒక మేస్త్రీకి అప్పగిస్తారు. ఈ ఏర్పాటునే వాడుకలో లేబర్ కాంట్రాక్టు అంటారు. బేరమంతా రేటు చుట్టూ తిరుగుతుంది. 320 అన్నవాడిని 300కు దించగలిగితే యజమాని గెలిచినట్టే భావిస్తాడు. అయితే ఆ రేటును ఎన్ని అడుగులతో హెచ్చించాలి, ఆ రేటులో ఏయే పనులు ఇమిడి ఉన్నాయి, డబ్బు ఏ దశలో ఎంత చేతులు మారాలి అన్న ప్రశ్నలకు కాగితం మీద సమాధానం లేనప్పుడు, బేరంలో మిగిలిన ఇరవై రూపాయలు కొలతలోనే తిరిగి పోతాయి. ఈ వ్యాసకర్త తన ఒక అంతస్తు ఇంటికి రాయించుకొన్న ఒప్పందాన్ని ఆధారంగా తీసుకొని, ఆ షరతుల వెనుక ఉన్న లెక్కను ఇక్కడ పరిశీలిస్తున్నాడు. ఇందులోని రేటు ఆ ఒక్క ఇంటిది. అది ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది గాని లెక్క తీరు మారదు.

మొదటి షరతు కొలతకు సంబంధించినది. ఇంటి వైశాల్యాన్ని రెండు విధాలుగా కొలవవచ్చు: బయటి గోడ అంచు నుంచి ఎదుటి గోడ అంచు వరకు కొలిస్తే వచ్చేది గోడల కొలత, పైన పోసిన స్లాబు అంచు నుంచి అంచుకు కొలిస్తే వచ్చేది స్లాబు కొలత. పరిశీలిస్తున్న ఇల్లు గోడల కొలతలో 30 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు, అంటే 900 చదరపు అడుగులు; స్లాబు మాత్రం నాలుగు వైపులా రెండేసి అడుగులు ముందుకు వచ్చినందువల్ల 34 అడుగుల చతురస్రమై 1,156 చదరపు అడుగులు అయింది. చదరపు అడుగుకు 300 రూపాయల చొప్పున మొదటి కొలతలో కూలీ 2,70,000 రూపాయలు, రెండవ కొలతలో 3,46,800 రూపాయలు. తేడా 76,800 రూపాయలు. ఈ రెండు కొలతల్లో ఏదీ మోసం కాదు; ముందుకు వచ్చిన భాగానికి సెంట్రింగ్, ఇనుము కట్టడం, కాంక్రీటు పోయడం వంటి పని నిజంగానే ఉంటుంది గాని, దాని కింద గోడ, లోపలి ప్లాస్టరింగ్, నేల పని ఉండవు. అందువల్ల గోడల లోపలి భాగానికి పూర్తి రేటు, బయటికి వచ్చిన 256 అడుగులకు సగం రేటు అని ఇరుపక్షాలూ అంగీకరించగా, లెక్కకు వచ్చే వైశాల్యం 1,028 చదరపు అడుగులుగా, మొత్తం కూలీ 3,08,400 రూపాయలుగా తేలింది. పని మొదలు కాకముందే ప్లాను జిరాక్సు మీద ఏ గీత వరకు పూర్తి రేటో, ఏ గీత వరకు సగం రేటో రంగు పెన్సిలుతో గుర్తించి ఇద్దరూ సంతకం చేశారు. మెట్ల ఖాళీని తీసివేయాలా, మెట్ల మీది హెడ్‌రూమును కలపాలా, కిటికీల మీది సన్‌షేడ్లు లెక్కలోకి వస్తాయా అన్న సందేహాలకు కూడా ఆ కాగితం మీదే ఒక్కో వాక్యం రాయించడం వల్ల చివరి బిల్లు నాడు టేపు పట్టుకొని వాదించవలసిన పని ఉండదు.

రెండవ షరతు పని పరిధిని నిర్వచిస్తుంది. కూలీ మాత్రమే అన్న మాట స్పష్టమైనదిగా కనిపించినా, దాని సరిహద్దు మేస్త్రీకి ఒక చోట, యజమానికి మరో చోట ఉంటుంది. సెంట్రింగ్ అంటే తడి కాంక్రీటు గట్టిపడే దాకా దాని బరువును మోసే రేకులు, చెక్కలు, నిలువు జాకీల కూర్పు. ఇది కూలీయా, సామానా అన్నదే తరచుగా వివాదమవుతుంది. పునాది గుంతలు తవ్వడం, ఇనుము వంచి కట్టడం, కాంక్రీటు కలిపే మిల్లరు, కాంక్రీటులోని గాలిని వెలికి తెచ్చే వైబ్రేటరు, వాటి డీజిలు, రోడ్డు మీద దింపిన ఇటుకను లోపలికి మోయడం కూడా ఇదే కోవలోవి. పరిశీలిస్తున్న ఒప్పందంలో ఇవన్నీ రేటులోనే ఉన్నట్టు, నీటి సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ గోడ మాత్రం విడి రేటుతో ఉన్నట్టు రాసుకొన్నారు. పట్టికలో లేని పని ఏదైనా వస్తే, దాని రేటు ముందుగా నోటుపుస్తకంలో రాసి సంతకాలు పడిన తర్వాతే మొదలుపెట్టాలన్న చిన్న వాక్యం, పని ముగిశాక పుట్టుకొచ్చే అదనపు బిల్లును చాలా వరకు నివారిస్తుంది.

సెంట్రింగ్ మేస్త్రీ బాధ్యత అయినప్పుడు మరొక చిక్కు ఏర్పడుతుంది. జాకీలు అద్దెకు తెచ్చినవైతే రోజు గడిచేకొద్దీ అద్దె పెరుగుతుంది, సొంతవైతే అవి మరో ఇంటి స్లాబుకు కావాలి. రెండు విధాలా వాటిని త్వరగా విప్పడంలోనే అతనికి లాభం ఉంటుంది. కాబట్టి విప్పే గడువును అతని ఇష్టానికి వదలకుండా అంకెల్లో రాయాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 456:2000 ప్రకారం సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు వాడినప్పుడు, నాలుగున్నర మీటర్ల లోపు స్పాను గల స్లాబు కింది జాకీలు కనీసం 7 రోజులు, ఆరు మీటర్ల లోపు స్పాను గల దూలాల కిందివి కనీసం 14 రోజులు ఉండాలి. ఇళ్లకు ఎక్కువగా వాడే పీపీసీ, అంటే బూడిద కలిసిన సిమెంటు, మెల్లగా గట్టిపడుతుంది కనుక గడువు ఇంకా పెంచడం మేలు. కాంక్రీటును తడిగా ఉంచే క్యూరింగ్‌కు కూడా అదే ప్రమాణం పీపీసీ వంటి సిమెంటుకు కనీసం 10 రోజులు, ఎండ తీవ్రంగా ఉండే పొడి వాతావరణంలో 14 రోజులు నిర్దేశిస్తుంది. నీళ్లు కొట్టేది ఎవరు అన్నది రాయని ఒప్పందంలో ఆ పని ఎవరిదీ కాకుండా పోతుంది.

మూడవ షరతు సామాను వృథాకు సంబంధించినది. ఈ పద్ధతిలో సామాను యజమానిది కావడం వల్ల, పని సరిగా లేకపోయినా మేస్త్రీ జేబుకు నష్టం తగలదు, యజమాని జేబుకే తగులుతుంది. గోడ నిట్టనిలువుగా లేచిందా అన్నది దారానికి కట్టిన గుండుతో తెలుస్తుంది. ఇటుక కట్టుబడికి మన ప్రమాణాలు మూడు మీటర్ల ఎత్తుకు 6 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ వంపును అంగీకరించవు. గోడ అంతకు మించి వంగితే, ఆ లోపాన్ని కప్పడానికి 12 మిల్లీమీటర్లు ఉండవలసిన ప్లాస్టరింగ్ 20కి చేరుతుంది. ఆ 8 మిల్లీమీటర్ల అదనపు పొర, ఒక పాలు సిమెంటుకు ఐదు పాళ్ల ఇసుక కలిపే చోట, 100 చదరపు మీటర్ల గోడకు సుమారు ఐదు బస్తాల సిమెంటును మింగుతుంది. దానికి ఇసుక, మోత కూలీ అదనం. ప్లాస్టరింగ్ ముందు ప్రతి గోడనూ ఇద్దరూ కలిసి గుండు కట్టి చూడాలని, హద్దు దాటిన గోడను మేస్త్రీ సరిచేయాలని, సరిచేయకపోతే అదనపు సిమెంటు వెల అతని లెక్కలో తగ్గించాలని రాసుకోవడం ఇందుకే. కాంక్రీటులో తేనెపట్టులా రంధ్రాలు పడితే, తిరిగి చేసే పనికి కూలీ అడగకూడదన్నదే కాక, తప్పు పనిదైనప్పుడు వృథా అయిన సామాను వెల కూడా అతనిదేనని స్పష్టం చేయాలి.

అన్నిటికంటే నిశితంగా ఆలోచించవలసినది చెల్లింపుల షరతు. మేస్త్రీ తన కూలీలకు వారం వారం బట్వాడా, అంటే కూలీ డబ్బు పంపకం, చేయవలసి ఉంటుంది గనుక, దశ పూర్తయ్యాకే డబ్బు ఇస్తామనడం ఆచరణలో చెల్లదు; అలాగని ప్రతి శనివారం అడిగినంత ఇస్తూ పోతే పని వెనుకబడి డబ్బు ముందు నడుస్తుంది. పరిశీలిస్తున్న ఇంటికి మేస్త్రీ మొదట కోరింది స్లాబు పడే నాటికి 60 శాతం, అంటే 1,85,040 రూపాయలు. అనుభవం గల మరో ఇద్దరు మేస్త్రీలను విచారించగా, ఇలాంటి ఇంట్లో స్లాబు దాకా జరిగే పని మొత్తంలో 45 శాతానికి మించదని, అంటే 1,38,780 రూపాయలని వ్యాసకర్త అంచనాకు వచ్చాడు. మిగిలిన 46,260 రూపాయలు చేయని పనికి ముందే చెల్లించినట్టవుతుంది. స్లాబు పనిలో డబ్బు త్వరగా చేతికి వస్తుంది, ప్లాస్టరింగ్ నెమ్మదిగా సాగుతుంది. స్లాబు తర్వాత మేస్త్రీ మరో ఊళ్లో మరో స్లాబుకు వెళ్లిపోవడానికి కారణం చాలాసార్లు అతని స్వభావం కాదు, చెల్లింపుల పట్టికే. అందువల్ల పునాది నుంచి ప్లింతు బీము వరకు 15, స్లాబుకు 30, గోడలకు 20, ప్లాస్టరింగ్‌కు 20, నేల, మెట్లు, చిల్లర పనులకు 10, చివరికి నిలిపి ఉంచేది 5 శాతంగా పట్టిక కుదిరింది. ఏ దశలోనైనా వారపు బట్వాడాలు ఆ దశ మొత్తంలో ఐదింట నాలుగు వంతులు దాటకూడదని, ప్రతి చెల్లింపు నోటుపుస్తకంలో తేదీతో, సంతకంతో ఉండాలని కలిపారు.

చివరిది పని ఆగిపోయినప్పటి షరతు. ఆలస్యమైతే రోజుకు వెయ్యి రూపాయల జరిమానా అని చాలా ఒప్పందాల్లో కనిపిస్తుంది. భారత ఒప్పందాల చట్టం, 1872లోని 74వ సెక్షను ప్రకారం అలా రాసుకొన్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. న్యాయస్థానం ఆ పరిమితికి లోబడి సమంజసమైన పరిహారాన్ని మాత్రమే ఇప్పిస్తుంది. కూలీ పనికి కోర్టుకు వెళ్లే యజమాని అరుదు కాబట్టి, కాగితం మీది జరిమానా కంటే చేతిలో నిలిపిన డబ్బు ఎక్కువ పని చేస్తుంది. వాన, పండుగలు మినహాయించి వరుసగా పది రోజులు పని ఆగితే, రాతపూర్వకంగా తెలిపి, ఇద్దరూ కలిసి జరిగిన పనిని కొలిచి, లెక్క తేల్చి, యజమాని మరొకరిని పెట్టుకోవచ్చని ఈ ఒప్పందం చెబుతుంది. దీనికి ఎదురు షరతు లేకపోతే అది న్యాయమైనది కాదు: ఇసుకో ఇనుమో సమయానికి రాక కూలీలు ఖాళీగా కూర్చొంటే, వచ్చిన వారికి ఆ పూట కూలీ యజమాని చెల్లించాలి. వ్యాసకర్త ఇంటికి ఇసుక రాని ఒక రోజు ఇలాగే నలుగురికి కూలీ చెల్లించవలసి వచ్చింది.

నిలిపిన 5 శాతం, అంటే 15,420 రూపాయలు, ఒక వానాకాలం గడిచి, డాబా మీద, స్నానాల గదిలో నీళ్లు పోసి పరీక్షించిన తర్వాత ఇవ్వాలని ముందే రాసి ఉంది. డాబా పరీక్షలో నిలిచింది. స్నానాల గదిలో మాత్రం నీరు జాలి వైపు కాక గుమ్మం వైపు పారింది. మేస్త్రీ రెండు రోజులు వచ్చి, నేల తవ్వి, వాలు సరిచేశాడు, కూలీ అడగలేదు. పగిలిన పలకలకు, సిమెంటుకు 1,900 రూపాయలు తగ్గించి, మిగిలిన 13,520 రూపాయలు తీసుకొని, నోటుపుస్తకం చివరి పేజీలో సంతకం చేశాడు.